గొర్రె తొడ ఓవెన్‌లో పెడితే పైన మాడింది, లోపల రబ్బరులా వచ్చింది. మీడియంగా, మెత్తగా రావాలంటే ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు?

మూడులాంతర్లు
నిన్న ఆదివారం ఒక తొడ మొత్తం పాడు చేశాను. వచ్చే ఆదివారం మా ఆడపడుచు వాళ్లు న్యూజిలాండ్ నుంచి వస్తున్నారు. అక్కడ వాళ్లు గొర్రె తొడని ముక్కలు కొట్టకుండా అలాగే ఓవెన్‌లో కాల్చి, లోపల లేత గులాబీ రంగు ఉండగానే కోసుకుని తింటారట. మన విజయనగరంలో నేను అలా చేసి పెట్టాలని నా కోరిక. ముందుగా ఒకసారి చేసి చూద్దామని దిగాను.

చేసింది ఇది. ఉదయం 7కి కొట్లో 1.7 కిలోల వెనక తొడ ముక్కలు చేయించకుండా తెచ్చాను. పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను. 11కి తీసి నేరుగా ఓటీజీలో మధ్య అరలో పెట్టాను. 35 లీటర్ల ఓటీజీ, 220 డిగ్రీలు, పైనా కిందా రెండు రాడ్లూ వేశాను. అరకిలోకి 20 నిమిషాలు, పైన ఇంకో 20 అని ఎక్కడో చదివాను. ఆ లెక్కన 88 నిమిషాలు రావాలి. కానీ 40 నిమిషాలకే పైన నల్లబడిపోయింది. భయమేసి 50కి తీసేసి, వెంటనే కోశాను. పళ్లెం నిండా ఎర్రటి నీళ్లు. అంచున బూడిద రంగులో ఎండిపోయింది, ఎముక దగ్గర పచ్చిగా ఉంది. అన్నిటికన్నా బాధ ఏమిటంటే ఉడికిన చోట కూడా నమిలితే తెగలేదు.

ఎక్కడ తప్పు జరిగిందో చెప్పండి. ఆదివారం దాకా ఆరు రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది.

బొబ్బిలి_వీణ
కుక్కర్‌లో పెట్టి ఆరు విజిళ్లు రానివ్వమ్మా. తర్వాత తీసి ఓవెన్‌లో పదిహేను నిమిషాలు ఎర్రగా చేసుకో. మా ఇంట్లో పండక్కి పాతికేళ్లుగా ఇలాగే చేస్తున్నాను. ముసలివాళ్లు కూడా తింటారు.

మూడులాంతర్లు
వీణ పిన్నిగారూ, అలా నేనూ చేశాను, బాగుంటుంది. కానీ విజిళ్లు వస్తే గులాబీ రంగు పోతుంది కదా. నాకు కావలసింది మీడియం. లోపల ఉడికి ఉండాలి, రసం ఉండాలి, రంగు ఉండాలి.

సాలూరు_సంత
పచ్చి బొప్పాయి వేయలేదు, అదే తప్పు. రెండు చెంచాల ముద్ద పట్టించి రాత్రంతా ఉంచితే వెన్నలా ఉంటుంది. ఇంకో మాట, మొదట బాగా ఎక్కువ మంట మీద పెడితే పైన పొర కట్టి లోపలి రసం బయటకి రాకుండా ఆగుతుంది. 220 తప్పు కాదు, బొప్పాయి లేకపోవడమే తప్పు.

రాజాం_కుర్రోడు
అక్కా, ఒక్కటి చెప్పండి. ఆ గొర్రెని ఎప్పుడు కోశారు?

మూడులాంతర్లు
ఆ ఉదయమే. నేను వెళ్లేసరికి ఇంకా వేడిగానే ఉంది తమ్ముడూ. తాజా మాంసమని సంతోషపడ్డాను.

రాజాం_కుర్రోడు
నమిలితే తెగకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది. మాది మాంసం కొట్టు, మా తాత దగ్గర్నుంచీ ఇదే పని, అందుకని ఇది నాకు కళ్లతో చూసిన సంగతి.

కోసిన వెంటనే కండ మెత్తగా, జారుతున్నట్టు ఉంటుంది. కొన్ని గంటలు గడిచేసరికి బిగుసుకుంటుంది. వేలాడుతున్న తొడని చేత్తో పట్టుకుంటే కర్రలా తెలుస్తుంది. ఆ బిగువు విడవడానికి గొర్రెకి ఒక రోజు పైనే పడుతుంది. ఆ తర్వాత చల్లగా ఉంచితే రెండో రోజుకి, మూడో రోజుకి ఇంకా మెత్తబడుతుంది. మీరు 7కి తెచ్చి 11కి ఓవెన్‌లో పెట్టారంటే సరిగ్గా బిగుసుకునే వేళలో కాల్చారు.

కూరకి ఇది ఎవరూ పట్టించుకోరు. గంటసేపు నీళ్లలో మరిగిస్తాం, కుక్కర్‌లో పెడతాం, అక్కడ నార విడిపోతుంది. మీడియం రోస్ట్‌లో ఆ అవకాశం లేదు. మాంసం ఓవెన్‌లోకి వెళ్లేటప్పుడు ఎంత మెత్తగా ఉందో దాదాపు అంతే మెత్తగా బయటకి వస్తుంది.

అందుకని ఆదివారం రోస్ట్‌కి శుక్రవారం ఉదయం కొనండి. గిన్నెలో కాదు, అడుగున జాలీ పెట్టిన పళ్లెంలో ఉంచి, పైన పలచగా గుడ్డో కాగితమో కప్పి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి. వేడి తగ్గకుండా డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. బిగుసుకోకముందే గడ్డకట్టించిన మాంసం ముడుచుకుపోయి మరీ గట్టిగా తయారవుతుంది. ఎముక తీయించకండి. ఎముకని పట్టుకుని ఉన్న కండ ముడుచుకోవడం తక్కువ.

చీపురుపల్లి_99
రెండు రోజులు ఉంచితే వాసన రాదా బ్రో? మా అమ్మ సాయంత్రానికే పారేస్తుంది.

రాజాం_కుర్రోడు
ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉండి, ముక్కలు కొట్టని తొడ అయితే రాదు. ముక్కలు కొడితే ప్రతి ముక్కకీ నాలుగు పక్కలా గాలి, చెయ్యి, కత్తి తగులుతాయి, అది తొందరగా పాడవుతుంది. మీ అమ్మగారు చెప్పింది ముక్కల మాంసానికి బాగా సరిపోతుంది. కరెంటు గంటల తరబడి పోయే రోజుల్లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. జిగురుగా అయినా, పుల్లని వాసన వచ్చినా మొహమాటం లేకుండా పారేయాలి.

నాగావళి_ఒడ్డు
మస్కట్‌లో ఒక హోటల్ వంటగదిలో పదకొండేళ్లు రోస్టులు చేశాను, ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటున్నాను. రాజాం తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. అక్కడ మాకు వచ్చే తొడలు ఎప్పుడో కోసి చల్లగా ఉంచినవి. ఇక్కడికి వచ్చాక మొదటిసారి ఉదయం కొన్న తొడని మధ్యాహ్నం కాల్చి నేనూ దెబ్బతిన్నాను.

ఇక ఓవెన్ సంగతి. చెల్లెమ్మా, మీరు చదివిన లెక్కలో తప్పేమీ లేదు. అరకిలోకి 20 నిమిషాలు, పైన 20 అన్నది మీడియంకి పాత ఇంగ్లీషు ఇళ్ల లెక్క. కానీ అది 180 డిగ్రీలకి, 220కి కాదు. పైగా అది పెద్ద ఓవెన్‌లో, రెండు రెండున్నర కిలోల బలిసిన తొడకి చెప్పిన మాట. మీది 35 లీటర్ల ఓటీజీ. మధ్య అరలో తొడ పెడితే పై రాడ్‌కి నాలుగు వేళ్ల దూరం కూడా ఉండదు. అక్కడ మాంసాన్ని మాడ్చింది గాలి వేడి కాదు, రాడ్ సెగ. దానికి తోడు పెరుగు, కారం. అవి మాంసం కన్నా ముందే మాడతాయి.

పైన నల్లబడితే అందరూ లోపల కూడా అయిపోయిందనుకుంటాం. రెండిటికీ సంబంధం లేదు. మీది ఫ్రిజ్ నుంచి నేరుగా వెళ్లింది, నడిమధ్య ఇంకా చల్లగా ఉండగానే అంచు ఎండిపోయింది. అందుకే బూడిద రంగు పట్టీ అంత మందంగా వచ్చింది.

రెండు వస్తువులు కొనండి. ఓవెన్ లోపల పెట్టే చిన్న థర్మామీటర్ ఒకటి, మాంసంలో గుచ్చే ముల్లు థర్మామీటర్ ఒకటి. ఓటీజీ గుండీ మీద 180 అని ఉంటే లోపల 160 ఉండొచ్చు, 205 ఉండొచ్చు. దాన్ని నమ్మి నిమిషాలు లెక్కపెడితే ఏ లెక్కా నిలబడదు.

సాలూరు_సంత
మరి మొదట ఎక్కువ మంట మీద పెడితే రసం ఆగుతుందన్నది అబద్ధమా? టీవీల్లో అందరూ అదే చెబుతారు.

నాగావళి_ఒడ్డు
రంగు, వాసన, రుచి వస్తాయి, అవి నిజం. రసం మాత్రం ఆగదు. పొర కట్టిన మాంసాన్ని పెనం మీద పెట్టి చూడండి, సుయ్యిమని చప్పుడు వస్తూనే ఉంటుంది. ఆ చప్పుడు రసం బయటకి వచ్చి ఆవిరవుతున్న చప్పుడే. రసం ఎంత మిగులుతుందన్నది నడిమధ్య ఎంత వేడెక్కిందన్న దాని మీద ఉంటుంది.

బొప్పాయి కూడా సగమే నిజం. అది పై పొర దాటి పెద్దగా లోపలికి వెళ్లదు. తొడ మొత్తానికి రాస్తే పైన అరంగుళం గుజ్జయిపోతుంది, లోపల గట్టిగానే ఉంటుంది. సీకు ముక్కలకి అది మంచిది, తొడకి నేను వేయను.

సాలూరు_సంత
పై పొర గుజ్జవడం నేనూ చూశాను, ఒప్పుకుంటాను. అయితే మా ఇంట్లో కత్తితో లోతుగా గాట్లు పెట్టి అందులోకి ముద్ద దూరుస్తాం, అప్పుడు లోపలికి వెళ్తుంది కదా.

నాగావళి_ఒడ్డు
వెళ్తుంది. కానీ మీడియంకి లోతు గాట్లు వద్దు. ముక్కలు చేయని తొడలో మురికి, క్రిములు ఏవైనా ఉంటే ఎక్కువగా పై పొర మీద ఉంటాయి, ఓవెన్ వేడికి అవి చస్తాయి. కత్తితో లోపలికి నెడితే అవీ లోపలికి వెళ్తాయి. లోపల మనం 60 దాటి కాస్త దూరమే వెళ్తున్నాం. వెల్లుల్లి రెబ్బ పట్టేంత చిన్న గాట్లు నాలుగైదు చాలు.

ఆమదాలవలస_రైలు
నా అనుభవం వేరు. నేను 150 డిగ్రీల్లో, ట్రే మీద రేకు బిగించి, అడుగున ఒక గ్లాసు నీళ్లు పోసి నాలుగు గంటలు ఉంచుతాను. చెంచాతో తీస్తే వచ్చేస్తుంది. థర్మామీటర్ లేదు, లెక్కలు లేవు, రెండు రోజులు దాచడం లేదు. మెత్తగా కావాలంటే ఇదే దారి, మీరంతా ఎందుకు ఇంత కష్టపడుతున్నారో అర్థం కావడం లేదు.

నాగావళి_ఒడ్డు
రైలు గారూ, మీరు చేసేది మంచి వంటకమే, కాదనను. అది 85, 90 డిగ్రీల దాకా వెళ్లి, ఎముకని పట్టుకున్న నరాలు, పొరలు కరిగి జిగురయ్యే పద్ధతి. చెల్లెమ్మ అడిగింది 63 దగ్గర ఆపే పద్ధతి. ఈ రెండిటి మధ్య, అంటే 70 నుంచి 80 మధ్యలో తీసేస్తే రెండూ దక్కవు. రసం పోయి ఉంటుంది, పొరలు కరగడానికి సమయం చాలదు. మన ఇళ్లలో రోస్ట్ గట్టిగా వచ్చిందంటే ఎక్కువసార్లు అక్కడే ఆపేసి ఉంటారు.

ఆమదాలవలస_రైలు
ఆ మధ్య మాట నాకు కొత్త. ఒకసారి తొందరలో రెండు గంటలకే తీస్తే చెక్కలా ఉంది, అది ఎందుకో ఇప్పుడు అర్థమైంది. అయినా నా నాలుగు గంటలే నాకు ముద్దు.

పలాస_జీడి
మా ఆవిడకి ఇప్పుడు ఐదో నెల. మటన్ అంటే చాలా ఇష్టం. ఈ మీడియం తను తినొచ్చా?

నాగావళి_ఒడ్డు
వద్దు తమ్ముడూ. గులాబీ రంగు ఉన్న మాంసం గర్భిణులకి పెట్టకండి. గొర్రె, మేక మాంసంలో ఉండే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కడుపులో బిడ్డకి హాని చేస్తుంది. తనకి పూర్తిగా ఉడికించిందే పెట్టండి. రైలు గారి నాలుగు గంటల తొడ, వీణ గారి కుక్కర్ మటన్ తనకి సరైనవి. మామూలు వాళ్లకి ముక్కలు చేయని మాంసం 63 డిగ్రీలు వచ్చి, తర్వాత కనీసం 3 నిమిషాలు కదపకుండా ఉంచితే చాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. నేనూ అంతకన్నా కిందికి వెళ్లను.

పలాస_జీడి
బతికించారు అన్నా. అయితే ఆమదాలవలస పద్ధతే.

మూడులాంతర్లు
అన్నయ్యా, రెండు థర్మామీటర్లూ ఆర్డర్ పెట్టాను, గురువారం వస్తాయట. ఇప్పుడు అసలు ప్రశ్న. నాకు లోపల 63 కావాలి. మరి 63 చూపించినప్పుడు తీయాలా? ముల్లు ఎక్కడ గుచ్చాలి?

నాగావళి_ఒడ్డు
63 చూపించాక తీస్తే 67, 68కి వెళ్లి కూర్చుంటుంది. పొయ్యి ఆపినా అన్నం గిన్నెలో మగ్గుతున్నట్టే, తొడ బయటకి తీశాక కూడా అంచుల్లోని వేడి లోపలికి నడుస్తూనే ఉంటుంది. మీ సైజు తొడ, 180 ఓవెన్‌లో, సుమారు నాలుగైదు డిగ్రీలు పెరుగుతుంది. అందుకని 58 చూడగానే తీసేయండి. ఓవెన్ ఇంకా వేడిగా ఉంటే ఈ పెరుగుదల ఎక్కువ ఉంటుంది, 150లో కాలిస్తే తక్కువ. పైకి వెళ్లి ఎక్కడ ఆగుతుందో చూడటానికి ముల్లుని అందులోనే ఉంచండి. 63 దాకా రాకపోతే ఓవెన్ ఇంకా వేడిగానే ఉంటుంది, మళ్లీ ఐదు నిమిషాలు పెట్టుకోవచ్చు. దాటిపోతే మాత్రం వెనక్కి తేలేం.

ముల్లు గుచ్చాల్సింది బాగా లావుగా ఉన్న చోట, పక్క నుంచి. కొన నడిమధ్యకి రావాలి, ఎముకకి తగలకూడదు. తగిలితే చేతికి తెలుస్తుంది, ఒక వేలెడు వెనక్కి లాగండి. ఒక్క చోట చూసి నమ్మకండి. రెండు మూడు చోట్ల గుచ్చి, అన్నిటికన్నా తక్కువ చూపించినదే లెక్క.

వస్తువు రాగానే గ్లాసు నిండా ఐసు వేసి కాస్త నీళ్లు పోసి ముల్లు ముంచండి. 0 చూపించాలి. 3 చూపిస్తే మూడు తీసేసి చదువుకోవాలి.

చీపురుపల్లి_99
మరి బరువు లెక్క ఎందుకు అన్నా, ముల్లు ఉంటే చాలు కదా?

నాగావళి_ఒడ్డు
ఓవెన్‌లో ఎప్పుడు పెట్టాలో, ముల్లు ఎప్పుడు గుచ్చడం మొదలుపెట్టాలో తెలియడానికి. తొడ ఎప్పుడు ఉడుకుతుందన్నది బరువు కన్నా మందం చెబుతుంది. మన గొర్రె తొడలు పొడుగు, సన్నం. 1.7 కిలోలకి లెక్క 88 నిమిషాలు చెప్పినా నేనైతే 55కే మొదటిసారి చూస్తాను. ఎముక తీసి చుట్టకట్టిన 1.7 కిలోలది ఉంటే అది గుండ్రంగా లావుగా ఉంటుంది, దానికి ఇంకా ఎక్కువ పడుతుంది. బరువు ఒకటే, సమయం వేరు.

బొబ్బిలి_వీణ
బాబూ, నాకు ఒక సందేహం. ఆ పళ్లెంలో కారిన ఎర్ర నీళ్లు రక్తం కాదా? మా ఇంట్లో అది చూస్తే ఎవరూ ముట్టరు.

రాజాం_కుర్రోడు
రక్తం కాదు పిన్నిగారూ. కోసినప్పుడే రక్తం దాదాపు అంతా పోతుంది. అది కండలో ఉండే నీరు, కండకి ఉండే ఎర్ర రంగే దానికీ ఉంటుంది. వేడెక్కేకొద్దీ ఎరుపు గులాబీ అవుతుంది, ఇంకా వేడెక్కితే బూడిద రంగవుతుంది.

నాగావళి_ఒడ్డు
అన్ని నీళ్లు కారడానికి ఇంకో కారణం వెంటనే కోయడం. తీశాక 20 నిమిషాలు ఆగాలి. పైన రేకు వదులుగా కప్పండి, బిగిస్తే ఆవిరికి పై పొర నానిపోతుంది. ఫ్యాన్ కింద పెట్టకండి, మన ఇళ్లలో జరిగే పొరపాటు అదే. ఆగినప్పుడు లోపలి వేడి అంతటా సర్దుకుంటుంది, రసం కాస్త చిక్కబడి కండలోనే నిలుస్తుంది. కోసేటప్పుడు నార ఏ వైపు పోతోందో చూసి, దానికి అడ్డంగా పలచగా కోయండి. నార వెంట పొడుగ్గా కోస్తే ఎంత బాగా కాల్చినా పీచు పళ్లలో ఇరుక్కుంటుంది.

మూడులాంతర్లు
ఉప్పు ఎప్పుడు వేయాలి? పెరుగు అసలు వద్దా?

నాగావళి_ఒడ్డు
శనివారం ఉదయం కిలోకి రెండు చిన్న చెంచాల ఉప్పు, మిరియాల పొడి, నలిపిన వెల్లుల్లి రాసి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టండి. పెరుగు వద్దు. ఆదివారం తడి తుడిచి, నూనె రాసి, ఓవెన్‌లో పెట్టే ముందు గంటసేపు బయట ఉంచండి.

రాజాం_కుర్రోడు
ఇక్కడ నేను ఒప్పుకోను అన్నా. ఉప్పు వేస్తే నీరు లాగేస్తుంది. మా నాన్న రోస్ట్‌కి ఇచ్చే తొడకి ముందుగా ఉప్పు తగలనివ్వడు.

నాగావళి_ఒడ్డు
మొదటి గంటలో లాగుతుంది, నిజమే. ఆ నీటిలో ఉప్పు కరిగి మెల్లగా మళ్లీ లోపలికి వెళ్తుంది. ఒక రోజు సమయం ఉంటే ముందు రోజు వేయడం మంచిది, లేకపోతే ఓవెన్‌లో పెట్టే ముందు క్షణంలో వేయాలి. వేసి గంట ఆగి పెట్టడమే నష్టం.

రాజాం_కుర్రోడు
మా నాన్నని అడుగుతాను. ఆయన ఒప్పుకుంటారని అనుకోను.

అక్కా, ఇంకో మాట. శుక్రవారం కొనేటప్పుడు పళ్లు చూపించమనండి. పాలపళ్లు ఉన్నది ఏడాది లోపుది. ముందు రెండు పెద్ద పళ్లు వచ్చాయంటే ఏడాది దాటింది. మీడియంకి పాలపళ్లదే తీసుకోండి. తొడ కిలోన్నర, కిలో ముప్పావు మధ్య ఉంటే చాలు.

మూడులాంతర్లు
ఆదివారం రాత్రి రాస్తున్నాను. చుట్టాలు పడుకున్నారు, ఇప్పుడే తీరిక దొరికింది. మీరంతా ఎంతో ఓపిగ్గా చెప్పారు కాబట్టి జరిగింది మొత్తం చెప్పాలి.

శుక్రవారం ఉదయం పాలపళ్ల గొర్రె తొడ, 1.65 కిలోలు తెచ్చాను. కొట్టు ఆయన పళ్లు చూపించమన్నందుకు మొదట వింతగా చూశాడు, తర్వాత సంతోషంగానే చూపించాడు. రెండు రోజులు జాలీ మీద ఉంది. శుక్రవారం సాయంత్రం నొక్కితే కర్రలా ఉంది. ఆదివారం ఉదయానికి వేలు దిగుతోంది. ఈ తేడా నా చేత్తో నేనే చూశాను, రాజాం తమ్ముడు చెప్పినట్టే.

శనివారం ఖాళీ ఓవెన్ పరీక్షించాను. గుండీ 180 మీద పెడితే లోపల 200 దాటింది. 160 మీద పెడితే 180 దగ్గర నిలబడింది. అంటే పోయిన వారం 220 అనుకుని నేను పెట్టింది ఇంకా ఎంత ఎక్కువో.

తొడని కింది అరలో పెట్టాను. పిక్క ఎముక రాడ్ దగ్గరికి వస్తోందని దానికి రేకు చుట్టాను. 11కి పెట్టాను. 55 నిమిషాలకి 47 డిగ్రీలు. అప్పుడు ఇంకొక చోట గుచ్చితే 61 చూపించింది, గుండె ఆగినంత పనైంది. చూస్తే అది పలచగా ఉన్న పక్క. అన్నయ్య చెప్పినట్టు తక్కువ చూపించిందే లెక్కలోకి తీసుకున్నాను. 65 నిమిషాలకి 54. 70 నిమిషాలకి 58, వెంటనే తీసేశాను. 88 దాకా ఉంచి ఉంటే ఏమయ్యేదో.

ఫ్యాన్ ఆపి, రేకు వదులుగా కప్పి, ముల్లు అలాగే ఉంచి గడియారం చూస్తూ కూర్చున్నాను. 60, 61, 62. పన్నెండో నిమిషానికి 63 వచ్చి ఆగింది. ఇరవై నిమిషాలకి కోశాను. పళ్లెంలో రెండు చెంచాల రసం కన్నా ఎక్కువ లేదు. అంచు నుంచి అంచు దాకా లేత గులాబీ రంగు, బూడిద పట్టీ సన్నటి గీతలా ఉంది. మా ఆడపడుచు మొదటి ముక్క తిని ఇంకేమీ మాట్లాడకుండా రెండో ముక్కకి చెయ్యి చాపింది. నాకు అది చాలు.

మా అత్తగారు గులాబీ రంగు తిననన్నారు. ఆవిడకి పలచటి ముక్కలు కోసి, ట్రేలో కారిన రసంలో మిరియాలు వేసి మరిగించి, అందులో మూడు నిమిషాలు ఉంచి పెట్టాను. ఇష్టంగానే తిన్నారు.

ఒక్కటే లోటు. లావు కండ చాలా మెత్తగా ఉంది. పిక్క దగ్గర కండ మాత్రం పీచుగా, జిగటగా ఉంది.

నాగావళి_ఒడ్డు
చదువుతుంటే నాకే తిన్నట్టుంది చెల్లెమ్మా. పిక్క ఎప్పుడూ అంతే. ఆ జంతువు నడిచింది ఆ కండ మీదే, అక్కడ పొరలు, నరాలు ఎక్కువ. 63 దగ్గర అవి కరగవు. హోటల్లో మేము పిక్క విడిగా తీసి మర్నాడు పులుసుకి వాడేవాళ్లం.

బొబ్బిలి_వీణ
ఆ పిక్క నాకు పంపించమ్మా, కుక్కర్ నా దగ్గర ఉంది.

మూడులాంతర్లు
బొబ్బిలి ఎంత దూరం పిన్నిగారూ, మీరే రండి.

రాజాం_కుర్రోడు
మా నాన్నకి ఇదంతా చదివి వినిపించాను. రెండు రోజులు ఉంచడం, పళ్లు చూడటం అన్నిటికీ తలూపాడు. ముందు రోజు ఉప్పు దగ్గర మాత్రం ఊపలేదు. ఒకే గొర్రె రెండు తొడలు, ఒకదానికి ముందు రోజు ఉప్పు, ఒకదానికి అప్పటికప్పుడు వేసి కాలుద్దామని ఒప్పించాను. దసరాకి చేస్తాం.

చీపురుపల్లి_99
ఇదంతా గొర్రెకి కదా. మా వైపు కొట్లో ఎక్కువగా మేకపోతే దొరుకుతుంది. దానికీ ఇదే 58, 63 సరిపోతుందా?

నాగావళి_ఒడ్డు
మేకకి కొవ్వు తక్కువ, తొడ ఇంకా సన్నం, తొందరగా ఎండుతుంది. లేత పిల్లతో రెండుసార్లు మీడియం చేశాను, ఒకసారి బాగా వచ్చింది, ఒకసారి రాలేదు. వయసు వల్లో, ఎండినందువల్లో తేల్చుకోలేకపోయాను.

ఆమదాలవలస_రైలు
మేకకి నాలుగు గంటలు, రేకు బిగించి. రెండుసార్లూ బాగా వస్తుంది.

రాజాం_కుర్రోడు
దసరాకి మూడో తొడ మేకది పెడతాను. పాలపళ్లదే చూస్తాను. ముల్లు థర్మామీటర్ ఎక్కడ దొరికిందో చెప్పండి అక్కా.